గీత పలకదు, మనమే పలికించాలి: మైండ్ మ్యాప్ నుంచి వ్యాస ప్రణాళిక దాకా

మైండ్ మ్యాప్ ఎంతో శ్రద్ధగా గీసుకున్న అభ్యర్థి వ్యాసం కూడా చాలాసార్లు అతుకుల బొంతలా తయారవుతుంది. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి చుట్టుపక్కల గ్రూప్-1 మెయిన్స్‌కు చదివే వారి వ్యాసాలు దిద్దేవారందరికీ ఇది అనుభవమే. కాగితం మధ్యలో అంశం, చుట్టూ రంగురంగుల కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. విషయం ఏదీ తప్పిపోలేదు. అయినా వ్యాసం చదివితే ఒక పేరాకూ తర్వాతి పేరాకూ సంబంధం కనిపించదు. రాసిన వారికి విషయం తెలియదని అనలేం. తెలిసిన విషయం ఎందుకు చెబుతున్నారో మాత్రం తేలలేదు.

దీనికి మూలం మైండ్ మ్యాప్ స్వభావంలోనే ఉంది. బ్రిటిష్ రచయిత టోనీ బుజాన్ 1970లలో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చారు. ఆయన పెట్టిన నియమాల్లో ముఖ్యమైనది ఒక గీత మీద ఒకే కీలక పదం ఉండాలన్నది. ఆలోచనలు తోచినంత వేగంగా కాగితం మీదికి రావాలంటే ఆ నియమం పనికొస్తుంది. కానీ దాని వల్ల ఒకటి కోల్పోతాం. ‘వరదలు’ అనే మాట నుంచి ‘చెరువులు’ అనే మాటకు ఒక గీత గీశాం. ఆ గీతకు అర్థం ఏమిటి? చెరువుల వల్ల వరదలు వచ్చాయా? చెరువులు లేక వచ్చాయా? వరదలు చెరువులను తెంచాయా? చెరువులు వరదలను ఆపుతాయా? నాలుగూ వేర్వేరు వాదాలు. నాలుగింటికీ గీత ఒక్కటే. అదే కాలంలో అమెరికాలో జోసెఫ్ నోవాక్ బృందం రూపొందించిన కాన్సెప్ట్ మ్యాప్‌లో ప్రతి గీత మీదా ఆ సంబంధం ఏమిటో రాయాల్సి ఉంటుంది. మైండ్ మ్యాప్‌లో ఆ అవసరం లేదు. కాబట్టి గీసినవారు దాన్ని మనసులోనే ఉంచుకుంటారు, లేదా అసలు ఆలోచించనే ఆలోచించరు.

వ్యాస ప్రణాళిక అలా కుదరదు. శీర్షిక కింద ఉపశీర్షిక పెట్టామంటే, ఇది దానికి కారణమనో, భాగమనో, ఉదాహరణ అనో ఒప్పుకున్నట్లే. అందుకే మ్యాప్‌ను ప్రణాళికగా మార్చడమంటే కొమ్మలకు అంకెలు వేయడం కాదు. ప్రతి గీత చేతా మాట్లాడించడం. ఆ పని ఎలా జరుగుతుందో ఒక మ్యాప్‌ను మొదటి నుంచి చివరి దాకా విప్పి చూస్తే తెలుస్తుంది.

ఒక అభ్యర్థిని నాకు ఫోనులో తన మ్యాప్‌ను మాటల్లో వివరించింది. సాధన కోసం ఆమె తీసుకున్న ప్రశ్న: ‘హైదరాబాద్ వరదలు ప్రకృతి వైపరీత్యమా, మానవ తప్పిదమా?’ ఆమె చెప్పినది ఇది:

“మధ్యలో ‘హైదరాబాద్ వరదలు’ అని రాశాను సార్. ఏడు కొమ్మలు వచ్చాయి. పైన కుడివైపు ‘చరిత్ర’. దాని కింద హుస్సేన్ సాగర్, 1908, విశ్వేశ్వరయ్య, జంట జలాశయాలు. పక్కన ‘వాన’. దాని కింద 2000, 2020, వాతావరణ మార్పు. తర్వాత ‘చెరువులు’. అందులో గొలుసుకట్టు, కబ్జాలు, గుర్రం చెరువు. ‘నాలాలు’ కింద ఇరుకు, ప్లాస్టిక్, పూడిక, అక్రమ ఇళ్లు. ‘నష్టం’లో ప్రాణాలు, సెల్లార్లు, ట్రాఫిక్, బస్తీలు. ‘ప్రభుత్వం’లో 111 జీవో, హైడ్రా, నాలాల విస్తరణ. చివరిది ‘పరిష్కారాలు’. ఇంకుడు గుంతలు, పూడికతీత, అవగాహన.”

ఏడు కొమ్మలు, ఇరవై నాలుగు రెమ్మలు. మంచి మ్యాపే. ఇది ఫోనులో వినడం వల్ల ఒక మేలు జరిగింది. కాగితం కళ్ల ముందు ఉంటే రంగులు, గీతలు కలిసి అన్నీ అల్లుకున్నట్లే కనిపిస్తాయి. మాటల్లో చెప్పేసరికి ఆమె నోట వచ్చిన సంబంధాలు ‘కింద’, ‘పక్కన’, ‘తర్వాత’, ‘అందులో’ మాత్రమే. అవి కాగితం మీద స్థానాన్ని చెబుతాయి, విషయాల మధ్య సంబంధాన్ని చెప్పవు. ఎవరైనా తమ మ్యాప్‌ను పెద్దగా చదివి చూసుకుంటే, ఎన్ని చోట్ల ఇలాంటి మాటలతో సరిపెట్టుకున్నారో వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. విన్నది విన్నట్లు వరుసలుగా రాస్తే, ఏడు శీర్షికలు, వాటి కింద ఉపాంశాలు వచ్చేస్తాయి. మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్లు కూడా మీట నొక్కగానే ఇలాంటి జాబితానే తీసిస్తాయి. చూడటానికి అది అచ్చం వ్యాస ప్రణాళికలాగే ఉంటుంది. కానీ అది గడియారం ముల్లు తిరిగే దిశలో చదివిన మ్యాప్ తప్ప మరేమీ కాదు. ‘చరిత్ర’ మొదట రావడానికి కారణం ఆమెకు అది మొదట తోచడమే. అన్నిటికంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ప్రశ్న అడిగింది ప్రకృతా, మనిషా అని. ఏడు శీర్షికల్లో ఏ ఒక్కటీ దానికి జవాబు చెప్పదు.

అందుకని జాబితాను పక్కన పెట్టి, ప్రతి రెమ్మనూ కొస నుంచి మధ్య దాకా ఒక పూర్తి వాక్యంగా చెప్పమన్నాను. కొసన ఉన్న మాట, కొమ్మ పేరు, మధ్యలోని అంశం మూడూ అందులో ఉండాలి. చివర క్రియ ఉండాలి. ‘కబ్జాలు’ తీసుకుంటే: ‘చెరువుల్లో కబ్జాలు పెరగడంతో వాన నీరు నిలిచే చోటు తగ్గి వరద కాలనీల్లోకి మళ్లింది.’ సంబంధం తేలిపోయింది, ఇది కారణం. ‘గుర్రం చెరువు’: ‘2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగాయి.’ ఇది ఉదాహరణ. మ్యాప్‌లో ఈ రెండూ ఒకే వరుసలో పక్కపక్కన ఉన్నాయి. వాక్యాలు అయ్యాక అవి సమాన హోదా ఉన్నవి కావని తెలుస్తోంది. ఉదాహరణ మరో అంశానికి సాక్ష్యంగా రావాలి, తానే ఒక అంశంగా నిలబడకూడదు.

‘ప్లాస్టిక్’, ‘పూడిక’, ‘ఇరుకు’ అనే మూడు రెమ్మలదీ ఇలాంటి చిక్కే. వాక్యాలుగా చెబితే, ప్లాస్టిక్ చేరడం వల్ల పూడిక పెరుగుతుంది, పూడిక వల్ల నీరు పారే దారి ఇరుకవుతుంది. అంటే అవి ముగ్గురు తోబుట్టువులు కావు, ఒకదాని నుంచి ఒకటి పుట్టినవి. ‘అక్రమ ఇళ్లు’ కూడా ఇరుకుకు కారణమే. కాబట్టి ‘ఇరుకు’ పై మెట్టు ఎక్కాలి, మిగిలినవి దాని కింద చేరాలి. తోబుట్టువులను పరీక్షించడానికి ఒక సులువైన ప్రశ్న ఉంది: ‘ఇవన్నీ ఏమిటి?’ అని అడిగితే ఒకే మాటలో జవాబు రావాలి. ‘ఇవన్నీ నాలా ఇరుకు కావడానికి కారణాలు’ అన్నది జవాబు. ‘ఇవన్నీ నాలాలకు సంబంధించినవి’ అన్నది జవాబు కాదు. ‘సంబంధించినవి’ అనే మాట నోట వచ్చిన ప్రతిచోటా సంబంధం ఏమిటో ఇంకా తేలలేదనే లెక్క.

కొన్ని రెమ్మలు వాక్యంగా మారడానికి మొండికేస్తాయి. ‘అవగాహన’ అలాంటిది. ఎవరికి అవగాహన, దేని గురించి, వచ్చాక వాళ్లు ఏం చేస్తారు అని అడిగితే ఆమె కాసేపు ఆగి, “నాలాల్లో చెత్త వేయకుండా ఉండటం సార్” అంది. అయితే అది పరిష్కారాల్లో విడి అంశంగా ఉండక్కర్లేదు, నాలాల బాగు గురించి రాసే పేరాలో ఒక వాక్యంగా ఒదుగుతుంది. వాక్యం కాలేని మాటను ప్రణాళికలోకి తీసుకెళ్తే, పరీక్ష గదిలో దాని కింద ఏం రాయాలో తోచక పడికట్టు మాటలు పేర్చాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. కొన్ని కొమ్మలను సరిచేస్తే చాలదు, పూర్తిగా తెంచేయాలి. ‘చరిత్ర’ అనేది అలాంటి కొమ్మ.

“1908ని చరిత్ర కింద ఎందుకు పెట్టావమ్మా?” అని అడిగితే, “ఎప్పుడో జరిగింది కదా సార్” అని జవాబు వచ్చింది. జరిగిపోవడం అన్నది తేదీకి సంబంధించిన సంగతి. వాదంలో దాని పని ఏమిటన్నది వేరే ప్రశ్న. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఎగువన చెరువులు వరుసగా తెగడంతో ఉద్ధృతి మరింత పెరిగింది. వేల మంది మరణించారు. అప్పటికి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు లేవు, సిమెంటు రోడ్లు లేవు, చెరువుల్లో లేఅవుట్లు లేవు. అంటే 1908 ‘మానవ తప్పిదం’ అనే వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యం. కాంక్రీటు లేని నగరం కూడా మునిగింది కదా అని ఎవరైనా అడిగితే జవాబు ఉండాలి. మ్యాప్‌లో ఇంత బలమైన ఎదురు వాదం ‘చరిత్ర’ అనే పేరు చాటున దాగిపోయింది. పేరా మొదట్లో ‘హైదరాబాద్‌కు వరదల చరిత్ర ఉంది’ అని ఒక వాక్యం రాసి దాటేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

అదే కొమ్మ మీది ‘విశ్వేశ్వరయ్య’, ‘జంట జలాశయాలు’ చెప్పేది మరో సంగతి. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి అధ్యయనం చేయించారు. ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. 1920లు ముగిసేలోగా రెండూ పూర్తయ్యాయి. ఇది మనిషి ప్రకృతికి ఇచ్చిన జవాబు. కాబట్టి ఇది ‘వాన భారీగా కురవడం మన చేతిలో లేదు, దాన్ని మోసే ఏర్పాటు మన చేతిలో ఉంది’ అన్న వాక్యానికి సాక్ష్యం. ‘విశ్వేశ్వరయ్య’, ‘జంట జలాశయాలు’ రెండు రెమ్మలు కావు. రెండూ కలిసి ఒక్క అంశం.

‘హుస్సేన్ సాగర్’ సంగతి మరింత ఆసక్తికరం. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1560లలో తవ్వించిన చెరువు కాబట్టి ఆమె దాన్ని చరిత్రలో పెట్టింది. కానీ ఆమె అద్దెకున్న గదికి దగ్గర్లోనే ఒక నాలా పారుతోంది. హుస్సేన్ సాగర్ నిండినప్పుడు మిగులు నీటిని మూసీకి తీసుకెళ్లే నాలా అది. 2000 ఆగస్టులో ఆ నాలా వెంబడి ఉన్న బస్తీలు నీట మునిగాయి. చెరువు ఒక కొమ్మ మీద, నాలా మరో కొమ్మ మీద, మునిగిన బస్తీలు ఇంకో కొమ్మ మీద ఉన్నాయి. నేల మీద మాత్రం మూడూ ఒకే నీటి దారి. ఇలా ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు దూకే సంబంధాలను మ్యాప్‌లో చుక్కల గీతతో చూపవచ్చు. చాలామంది గీయరు, గీసినా ప్రణాళికగా మార్చేటప్పుడు మరిచిపోతారు. వ్యాసానికి ప్రాణం సాధారణంగా అక్కడే ఉంటుంది. ఈ మ్యాప్‌లో ‘గొలుసుకట్టు’ అనే రెమ్మ దాన్ని పట్టిస్తుంది. ఎగువ చెరువు నిండితే మత్తడి దూకి, కాలువ ద్వారా దిగువ చెరువుకు నీరు చేరే ఏర్పాటు అది. అలాంటప్పుడు చెరువు, నాలా రెండు వేర్వేరు శీర్షికలు ఎలా అవుతాయి? ఒకటి నీరు నిలిచే చోటు, మరొకటి నీరు పారే దారి. రెండూ కలిసి ఒక ఏర్పాటు.

‘ప్రభుత్వం’ కొమ్మ కూడా విడిపోవాల్సిందే. పని చేసేవారి పేరు మీద శీర్షిక పెడితే, వారు చేసిన పనులన్నీ, ఒకదానికొకటి పొసగకపోయినా, అక్కడ కుప్ప పడతాయి. హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ 2024లో ఏర్పడింది, చెరువుల ఆక్రమణల తొలగింపు దాని పనుల్లో ఒకటి. నాలాల విస్తరణ నీటి దారికి సంబంధించిన పని. ఈ రెండూ పరిష్కారాల వైపు వెళ్తాయి. 111 జీవో మాత్రం ఒకే చోట ఇమడదు. 1996లో వచ్చిన ఆ జీవో జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ మరో జీవో వచ్చింది. ఆంక్ష పెట్టడం రక్షణ కిందికి వస్తుంది, ఎత్తివేత ఆ రక్షణ సడలడం కిందికి వస్తుంది. ఒక రెమ్మ నుంచి రెండు వాక్యాలు వస్తే, ఆ రెమ్మను రెండుగా చీల్చి రెండు చోట్ల పెట్టాలి. చీల్చడానికి మొహమాటపడేవారు దాన్ని ఒకే చోట ఉంచి, ఒకే పేరాలో రెండు వైపులకూ మాట్లాడతారు. దిద్దేవారికి వ్యాసం తడబడిన చోటు అదేనని వెంటనే తెలిసిపోతుంది.

ఇంత జరిగాక గానీ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆమె వాక్యాలన్నీ వరుసగా చదువుకుని, “వాన ప్రకృతిదే సార్. కానీ దాన్ని మోసే ఏర్పాటు ఒకప్పుడు ఉంది, దాన్ని మనమే చెడగొట్టుకున్నాం” అంది. వ్యాసానికి కేంద్ర వాక్యం అదే. గమనించాల్సింది ఏమిటంటే, మ్యాప్ మధ్యలో రాసిన మాట ఎప్పుడూ కేంద్ర వాక్యం కాదు. మధ్యలో ఉన్నది అంశం పేరు. దాని గురించి మనం ఏం అంటున్నామన్నది రెమ్మలు వాక్యాలుగా మారాకే తేలుతుంది. ముందే జవాబు నిర్ణయించుకుని మ్యాప్ గీసేవారూ ఉన్నారు. వారి మ్యాప్‌లో 1908 లాంటి ఎదురు సాక్ష్యం తోచే అవకాశమే తక్కువ.

కేంద్ర వాక్యం వచ్చిందంటే శీర్షికలు దాని నుంచే పుడతాయి. ‘వాన ప్రకృతిదే’ మొదటి భాగం. ‘ఏర్పాటు ఉండేది’ రెండోది. ‘చెడగొట్టుకున్నాం’ మూడోది. ఆ తర్వాత చదివేవారి మనసులో సహజంగా లేచే ప్రశ్న ‘మరి ఇప్పుడేం చేయాలి’ నాలుగోది. ఏడు కొమ్మలు నాలుగు శీర్షికలయ్యాయి, వాటిలో ఒక్క పాత కొమ్మ కూడా ఉన్నది ఉన్నట్లు మిగల్లేదు.

ఈ దశలో మ్యాప్‌లో ఒక ఖాళీ బయటపడింది. పరిష్కారాల్లో ‘ఇంకుడు గుంతలు’ ఉంది. పరిష్కారం ఉంటే దానికి తగిన సమస్య ముందు ఎక్కడో ఉండాలి కదా. కబ్జాలకు హద్దుల రక్షణ ఉంది, ఇరుకు నాలాలకు విస్తరణ ఉంది. ఇంకుడు గుంతలు దేనికి? నేలంతా సిమెంటు కప్పేయడంతో వాన నీరు ఇంకే జాగా లేకపోవడానికి. ఆ కారణం మ్యాప్‌లో ఎక్కడా లేదు! ప్రతి పరిష్కారాన్నీ దాని కారణంతో జత కట్టి చూస్తే ఇలాంటి ఖాళీలు దొరుకుతాయి. కారణం లేని పరిష్కారం వ్యాసంలో గాలిలోంచి ఊడిపడినట్లు కనిపిస్తుంది. ఇటువైపు పరిష్కారం లేని కారణం మిగిలిపోతే, వాదం సగంలో వదిలేసినట్లు ఉంటుంది.

ఇక కోత. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్‌లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి, ఒక్కోటి సుమారు 1,000 పదాలు. పేరాకు 80 నుంచి 90 పదాలు అనుకున్నా పన్నెండు పేరాలు దాటవు. ఒక పేరా ఒక అంశాన్నే మోయగలదు. అంటే ఇరవై నాలుగు రెమ్మల్లో దాదాపు సగానికే సొంత పేరా దక్కుతుంది. మిగిలినవి ఉదాహరణలుగా మారాలి, లేదా పోవాలి. ముందుగా పోయింది ‘నష్టం’ కొమ్మ. ప్రశ్న వరదలు ఎందుకన్నది, ఏమి నష్టపోయామన్నది కాదు. ఆమెకు ఇది నచ్చలేదు. “ప్రాణాలు పోయిన సంగతి రాయకుండా ఎలా సార్?” అంది. న్యాయమైన మాటే. అందుకే బస్తీలు, సెల్లార్లు, ప్రాణనష్టం పరిచయ పేరాలోకి వెళ్లాయి. ఈ ప్రశ్న ఎందుకు అడగాల్సి వచ్చిందో చెప్పడానికి అవే సరైన సాక్ష్యాలు. ‘ట్రాఫిక్’ ఎక్కడా ఒదగలేదు, దాన్ని కొట్టేశాం.

చివరికి కాగితం మీదికి వచ్చిన ప్రణాళిక ఇలా ఉంది. పక్కన ఉన్న అంకెలు పదాల అంచనాలు.

పరిచయం (80): మునిగిన బస్తీలు, సెల్లార్లు, ప్రశ్న, కేంద్ర వాక్యం.

1. భారీ వాన హైదరాబాద్‌కు కొత్త కాదు (150)
1.1 కాంక్రీటు లేని కాలంలోనే మూసీ ముంచింది: 1908
1.2 తక్కువ గంటల్లో కుండపోత: 2000, 2020, వాతావరణ మార్పు

2. ఆ వానను మోసే ఏర్పాటు నగరానికి ఉండేది (170)
2.1 గొలుసుకట్టు చెరువులు: హుస్సేన్ సాగర్, దాని మిగులు నాలా
2.2 1908కి జవాబుగా జంట జలాశయాలు: విశ్వేశ్వరయ్య, 1996 నాటి 111 జీవో రక్షణ

3. ఆ ఏర్పాటును మూడు చోట్ల చెడగొట్టుకున్నాం (320)
3.1 నీరు నిలిచే చోటు తగ్గింది: కబ్జాలు; గుర్రం చెరువు; 2022లో సడలిన ఆంక్షలు
3.2 నీరు పారే దారి ఇరుకైంది: నాలాలపై ఇళ్లు, ప్లాస్టిక్ వల్ల పూడిక
3.3 నీరు ఇంకే నేల పోయింది: సిమెంటు కప్పిన ఆవరణలు

4. చెడిన చోటే బాగుచేయాలి (200)
4.1 చెరువు హద్దుల రక్షణ: హైడ్రా
4.2 నాలాల విస్తరణ, పూడికతీత, చెత్త వేయకపోవడం
4.3 ఇంకుడు గుంతలు

ముగింపు (80): వానను ఆపలేం, నీటి దారిని తిరిగి ఇవ్వగలం.

అన్ని భాగాలకూ సమానంగా పదాలు పంచలేదు. మూడో భాగానికి దాదాపు మూడో వంతు ఇచ్చాం. వాదం బరువంతా అక్కడే ఉంది కాబట్టి. మ్యాప్‌లో ఎక్కువ రెమ్మలు ఉన్న కొమ్మకు ఎక్కువ పదాలు ఇవ్వడం చాలామంది చేసే పని. రెమ్మల సంఖ్య మనకు ఎంత గుర్తుందో చెబుతుంది, అది ఎంత ముఖ్యమో చెప్పదు. ‘చరిత్ర’కు నాలుగు రెమ్మలు ఉన్నాయి, ‘చెరువులు’కు మూడే.

శీర్షికల తీరు కూడా చూడండి. ‘చెరువులు’, ‘నాలాలు’ వంటి ఒంటరి మాటల స్థానంలో పూర్తి వాక్యాలు వచ్చాయి. జవాబు పత్రంలో వాటిని శీర్షికలుగా వేయాలా, వద్దా అన్నది రాసేవారి ఇష్టం. వేయకపోయినా ఆ వాక్యమే ఆ పేరాకు మొదటి వాక్యం అవుతుంది. పెన్ను పట్టుకుని ‘ఎలా మొదలుపెట్టాలి’ అని వెతుక్కునే అవసరం ఉండదు. నా దృష్టిలో ఈ మార్పిడి వల్ల కలిగే పెద్ద లాభం ఇదే.

ప్రణాళిక కుదిరిందో లేదో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు చాలు. ఉపాంశాలను చేత్తో మూసి శీర్షికలు మాత్రం చదవాలి. ‘భారీ వాన కొత్త కాదు, మోసే ఏర్పాటు ఉండేది, దాన్ని చెడగొట్టుకున్నాం, చెడిన చోటే బాగుచేయాలి’ అని నాలుగు వాక్యాల్లో వ్యాసమంతా వినిపించాలి. ఆ తర్వాత ఏవైనా రెండు శీర్షికలను అటూ ఇటూ మార్చి చూడాలి. మార్చినా ఏ ఇబ్బందీ లేదంటే వాటి మధ్య క్రమం ఇంకా కుదరలేదు. ఇక్కడ మూడోదాన్ని రెండోదానికి ముందు పెడితే, ఏ ఏర్పాటును చెడగొట్టామో తెలియకుండానే చెడగొట్టామని చెప్పాల్సి వస్తుంది. కాబట్టి క్రమం నిలబడినట్లే. నాలుగో శీర్షిక కింది 4.1, 4.2, 4.3లకు సొంత క్రమం లేదు, అవి పై శీర్షికలోని 3.1, 3.2, 3.3ల వరుసనే పాటిస్తున్నాయి. చదివేవారు ఒకసారి అలవాటు పడిన వరుసను రెండోసారి అలాగే ఇవ్వడం వారికి సాయం చేస్తుంది.

చిక్కు ఉన్నట్లు పట్టించే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. శీర్షిక కింద ఒకే ఒక్క ఉపాంశం ఉంటే అది విభజన కాదు, ఆ రెండూ ఒక్కటే, కలిపేయాలి. ‘ఇతర అంశాలు’ అనే శీర్షిక పుట్టిందంటే కొన్ని రెమ్మలకు వాక్యం చెప్పలేక వదిలేశామని అర్థం. ఒకే ఉదాహరణ మూడు చోట్ల కనిపిస్తే, మన దగ్గర ఆధారాలు తక్కువగా ఉన్నాయని గ్రహించి మళ్లీ మ్యాప్ దగ్గరకు వెళ్లాలి.

అన్ని మ్యాపులకూ ఇంత శస్త్రచికిత్స అవసరం ఉండదు. ‘తెలంగాణ పండుగలు’ వంటి వర్ణనాత్మక అంశం ఇస్తే, బతుకమ్మ, బోనాలు, మొహర్రం అంటూ వచ్చిన కొమ్మలు దాదాపు అలాగే శీర్షికలవుతాయి. అక్కడ కొమ్మలన్నీ నిజంగా తోబుట్టువులే, క్రమం మాత్రం చూసుకుంటే సరిపోతుంది. ‘ఏది’, ‘ఎందుకు’, ‘ఎంతవరకు’ అని అడిగే ప్రశ్నల్లోనే కొమ్మలు విరిగి మళ్లీ కలవాలి. ప్రశ్న చివర ‘-ఆ, -ఆ’ అని రెండు పక్షాలు కనిపిస్తే, ‘విశ్లేషించండి’, ‘మీరు ఏకీభవిస్తారా’ అని ఉంటే, మ్యాప్ గీసేటప్పుడే ఒక కొమ్మను ‘ఎదురు వాదం’ కోసం ఖాళీగా వదిలిపెట్టడం మంచిది. 1908 లాంటివి అప్పుడు నేరుగా తమ చోటికి వచ్చి చేరతాయి.

పరీక్షలో వ్యాసానికి దొరికేది గంట. మ్యాప్‌కు ఐదు నిమిషాలు, వాక్యాలకు, ప్రణాళికకు కలిపి మరో ఎనిమిది నిమిషాలు కేటాయిస్తే రాయడానికి నలభై ఏడు నిమిషాలు మిగులుతాయి. అన్ని రెమ్మలనూ కాగితం మీద వాక్యాలుగా రాసే తీరిక అప్పుడు ఉండదు. అందుకు చిన్న గుర్తులు పెట్టుకోవచ్చు: గీత మీద కారణమైతే ‘కా’, ఉదాహరణైతే ‘ఉ’, భాగమైతే ‘భా’, పరిష్కారమైతే ‘ప’, ఎదురు వాదమైతే ‘ఎ’. ‘ఉ’ ఉన్నవి ఎప్పుడూ మరో అంశం కిందికి పోతాయి. ప్రతి ‘ప’కూ ఒక ‘కా’ ఉందో లేదో చూసుకోవాలి. ‘ఎ’ ఉన్నవి వ్యాసం తొలి సగంలోనే రావాలి, ముగింపు దగ్గర వస్తే వాటికి జవాబు చెప్పే చోటు ఉండదు. ఏ అక్షరమూ పెట్టలేకపోయిన రెమ్మను అక్కడికక్కడే కొట్టేయాలి. ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు మాత్రం అక్షరాలతో సరిపెట్టకుండా ఇరవై నాలుగు రెమ్మలకూ ఇరవై నాలుగు వాక్యాలూ పైకి చెప్పుకోవాలి, వీలైతే మ్యాప్ కనిపించని మరో మనిషికి ఫోనులో చెప్పాలి. వినేవారు ‘అయితే ఏమిటి?’ అని అడిగిన ప్రతి చోటా ఒక గీత ఇంకా మూగగానే ఉంది.